పడిపోయిన సంఖ్యను మొదటి వాక్యంలోనే చెప్పాలి

పోయిన వారం మా ల్యాబులో నా తర్వాత చేరిన అమ్మాయి తన మొదటి పేపరుకు వచ్చిన రివ్యూలనూ, వాటికి తాను రాసిన జవాబు ఉత్తరాన్నీ నాకు పంపింది. "అక్కా, సార్‌కు ఇచ్చే ముందు మీరు ఒకసారి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది" అని కింద ఒక మాట. ముగ్గురు రివ్యూయర్లు, 31 కామెంట్లు, 14 పేజీల ఉత్తరం. రాత్రి కూర్చుని మొత్తం చదివాను. అందులో 19 జవాబులు ఒక్కలాగే ఉన్నాయి: "విలువైన సూచనకు ధన్యవాదాలు. సూచించిన విధంగా పేపరును సవరించాం."

ఏం సవరించారో ఉత్తరం చెప్పదు. ఎక్కడ సవరించారో చెప్పదు. సవరించాక ఫలితం మారిందో లేదో అసలే చెప్పదు. పేపరు తెరిచి పక్కన పెట్టుకుని వెతికితే ఆమె నిజంగానే చాలా పని చేసిందని తెలిసింది. ఒక కామెంట్ కోసం రెండు వారాలు కూర్చుని లెక్కలన్నీ మళ్లీ చేసింది. ఆ రెండు వారాల పని ఉత్తరంలో ఒక ధన్యవాదం కింద కప్పబడిపోయింది.

అది చదువుతుంటే ఆరేళ్ల కిందటి నా ఉత్తరం కళ్ల ముందు కదిలింది. నేనూ ఇలాగే మొదలుపెట్టాను. తర్వాత ఒకే ఒక్క కామెంట్ దగ్గర మూడు వారాలు ఆగిపోయి, మొత్తం ఉత్తరాన్ని తిరగరాశాను. ఆ కామెంట్ గురించే ఈ పోస్టు. నా అభిప్రాయం ఇది: రివ్యూయర్ చెప్పినట్టు చేస్తే మన ఫలితం బలహీనపడినప్పుడు, ఆ సంగతిని జవాబులోని మొదటి వాక్యంలోనే, పాత సంఖ్యనూ కొత్త సంఖ్యనూ పక్కపక్కన పెట్టి, మనమే చెప్పాలి. దీన్ని ఒప్పుకోని వారు ఉన్నారు. వారి వాదన తేలికైనది కాదు. దాని దగ్గరికీ వస్తాను.

ఉత్తరం చదివేది ఎవరు

మొదటిసారి రాసేటప్పుడు మనం రివ్యూయర్‌తో మాట్లాడుతున్నామనే అనుకుంటాం. అందుకే ఆ గొంతులో వినయమో కోపమో ధ్వనిస్తుంది. ఉత్తరం నిజానికి ఎడిటర్ బల్ల మీదికి మొదట వెళుతుంది. ఆయన చేతిలో అలాంటి పేపర్లు చాలా ఉంటాయి. మన పేపరును మళ్లీ మొదటి నుంచి చదివే తీరిక ఆయనకు లేదు. రివ్యూయర్ అడిగినది, మనం చేసినది, మిగిలిపోయినది - ఈ మూడూ ఆయనకు ఉత్తరంలోనే కనిపించాలి. రివ్యూయర్ ఒకటి, మనం మరొకటి అంటే తీర్పు చెప్పవలసింది కూడా ఆయనే.

ఇది నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. మా రంగంలో 'హైడ్రాలజీ అండ్ ఎర్త్ సిస్టమ్ సైన్సెస్' అనే పత్రిక రివ్యూలనూ, రచయితల జవాబులనూ అందరూ చదివేలా తన సైటులోనే పెడుతుంది. నా ఉత్తరం ముందుకు సాగని రోజుల్లో వాటిని పాతిక దాకా చదివాను. బయటి మనిషిగా చదివితే ఒక విషయం వెంటనే తెలిసిపోతుంది. జవాబు మొదటి వాక్యంలో "మార్చాం" అనో "మార్చలేదు" అనో "కొంత మార్చాం" అనో ఉంటే చదవడం సాగుతుంది. మొదటి పేరా అంతా మర్యాదతో నిండి ఉంటే, ఇక్కడ ఏదో దాస్తున్నారన్న అనుమానం మొదలవుతుంది. పాపం, చాలాసార్లు వాళ్లు ఏమీ దాచడం లేదు.

రెండో రివ్యూయర్, మూడో కామెంట్

నా పేపరు నల్గొండ వైపు గ్రానైట్ నేలల్లోని బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి. 148 బోర్ల నుంచి మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి నీళ్లు పట్టుకొచ్చాను. మొత్తం 296 నమూనాలు. పరిమితిగా తీసుకున్న లీటరుకు 1.5 మిల్లీగ్రాములను దాటిన నమూనాలు అందులో 112. బోరు లోతు, రాయి రకం, ఉన్న చోటు, నీటి పీహెచ్, సోడియం, కాల్షియం వంటివి ఇస్తే ఫ్లోరైడ్ పరిమితి దాటుతుందో లేదో చెప్పే రాండమ్ ఫారెస్ట్ మోడల్ ఒకటి తయారు చేశాను. నమూనాలను పది భాగాలుగా కలగలిపి పంచి, తొమ్మిదింటితో నేర్పించి, పదోదాని మీద పరీక్షించి, అలా పదిసార్లు తిప్పాను. కచ్చితత్వం 91 శాతం వచ్చింది. సారాంశంలో రెండో వాక్యం అదే. ఆ సంఖ్యను చూసుకుని నేను ఎంత మురిసిపోయానో మా అమ్మకు తెలుసు.

రెండో రివ్యూయర్ మూడో కామెంట్ ఐదు పంక్తులు ఉంటుంది. మొదటి వాక్యం సారం ఇది: ఒకే బోరుకు రెండు నమూనాలు ఉన్నప్పుడు, నమూనాలను కలగలిపి పంచితే ఒకటి శిక్షణలోకీ, రెండోది పరీక్షలోకీ వెళ్లి ఉండాలి కదా?

చదివిన క్షణంలో నాకు కోపం వచ్చింది. మే నీళ్లు వేరు, నవంబరు నీళ్లు వేరు, వాన పడ్డాక నీటి రసాయనం మారుతుంది, ఈయనకు బోర్ల సంగతి తెలియదు అని కాగితం మీద పెద్ద పేరా రాశాను. మర్నాడు ఉదయం ఆ పేరాకు ఆధారంగా ఒక బొమ్మ గీద్దామని కూర్చున్నాను. అడ్డంగా మే ఫ్లోరైడ్, నిలువుగా నవంబరు ఫ్లోరైడ్, ఒక్కో బోరుకు ఒక్కో చుక్క. చుక్కలన్నీ ఒకే గీతను అంటిపెట్టుకుని నిలబడ్డాయి. నా బోర్లలో ఫ్లోరైడ్ వానకు పెద్దగా కదలలేదు. మేలో రెండు దాటిన బోరు నవంబరులోనూ రెండు దాటే ఉంది.

అప్పుడు లెక్క వేశాను. పది భాగాల పంపకంలో ఒక నమూనా పరీక్షకు వచ్చినప్పుడు దాని జంట నమూనా కూడా అదే భాగంలో పడే అవకాశం పదింట ఒకటి కన్నా తక్కువ. అంటే పదింట తొమ్మిది సార్లు జంట నమూనా శిక్షణలో ఉంది. లోతు అదే, రాయి అదే, చోటు అదే, ఫ్లోరైడ్ దాదాపు అదే. మోడల్ భూమిలోని రసాయనాన్ని నేర్చుకోనక్కర లేదు, బోరును గుర్తుపడితే చాలు. పరీక్షలో వచ్చే ప్రశ్న, జవాబుతో సహా, ముందే నోటుపుస్తకంలో ఉన్నట్టు.

సరిచేయడానికి కోడులో మార్చవలసింది రెండు పంక్తులే. నమూనాలను విడివిడిగా పంచకుండా, బోరు నంబరును బట్టి పంచాలి:

```python
cv = GroupKFold(n_splits=10)
cross_val_score(model, X, y, groups=well_id, cv=cv)
```

ఎంటర్ నొక్కాక ఒక నిమిషం కూడా పట్టలేదు. కచ్చితత్వం 78 శాతం. మళ్లీ నడిపినా అంతే.

కచ్చితత్వం కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకొకటి. పరిమితి దాటిన 112 నమూనాల్లో మోడల్ "మంచి నీళ్లే" అని తప్పుగా చెప్పినవి మొదటి లెక్కలో 13. కొత్త లెక్కలో 35. ఈ మోడల్‌ను నమ్మి ఎవరైనా ఒక బోరును పరీక్షించకుండా వదిలేస్తే ఆ ఇంట్లో పిల్లలు తాగేది ఆ నీళ్లే. నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు, ఫ్లోరైడ్ వల్ల గారపట్టిన పళ్లు కనిపించకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడిన ఆడపిల్లలను చూశాను. 13, 35 అన్న అంకెల మధ్య తేడా నాకు కాగితం మీది తేడా కాదు.

సార్ అన్న మాట

ఆ కామెంట్‌కు నేను రాసిన మొదటి జవాబు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఉత్తరం ఇంగ్లీషులో రాసింది, ఇక్కడ తెలుగులో చెబుతాను: "ఈ ముఖ్యమైన అంశాన్ని ఎత్తిచూపినందుకు రివ్యూయర్‌కు ధన్యవాదాలు. దీన్ని దృష్టిలో ఉంచుకుని మోడల్ మూల్యాంకనాన్ని మరింత పటిష్ఠం చేశాం. సవరించిన ఫలితాలు 4వ పట్టికలో ఉన్నాయి."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మూల్యాంకనం నిజంగానే పటిష్ఠమైంది. ఫలితాలు నిజంగానే 4వ పట్టికలో ఉన్నాయి. కానీ చదివినవారికి పని మెరుగుపడిందన్న భావన కలుగుతుంది. పడిపోయిన సంగతి తెలియాలంటే పాత ప్రతిని పక్కన పెట్టుకుని పట్టికలు పోల్చాలి.

దాన్ని మార్చి, 91 నుంచి 78కి తగ్గిందని మొదటే రాసి గైడు దగ్గరికి తీసుకెళ్లాను. సార్ చాలాసేపు చదివారు. "పట్టికలో ఉంది కదమ్మా, చాలు. ఉత్తరంలో ఇంత పెద్దగా ఎందుకు? రెండో రివ్యూయర్ సంతోషిస్తాడు, సరే. మొదటి రివ్యూయర్‌కు నీ పేపరు నచ్చింది. 78 అని చూసి ఇందులో ఇక ఏముంది అంటాడు. అప్పుడు ఎడిటర్ ఏం చేస్తాడు?" అన్నారు.

ఇది అనుభవంతో అన్న మాట. చాలా ఉత్తరాలు రాసిన మనిషి. పైగా పేపరు లేకపోతే నా థీసిస్ ఆగిపోతుందని, ఫెలోషిప్ గడువు దగ్గర పడిందని ఆయనకు నాకన్నా ఎక్కువ తెలుసు. దాచమని ఆయన అనలేదు, గట్టిగా చెప్పవద్దన్నారు. ఆ రెండింటి మధ్య తేడా ఉంది. స్కాలర్లకు ఇలాంటి సలహా ఇచ్చే గైడులందరినీ నిజాయితీ లేనివారిగా చూడడం నాకు ఇష్టం లేదు.

అయినా నేను పట్టు వదలలేదు. సార్‌తో నేను చెప్పిన కారణం ఇది. రెండో రివ్యూయర్ కామెంట్ రాసినప్పుడే సంఖ్య పడిపోతుందని ఆయనకు తెలుసు. సవరించిన ప్రతి చేతికి రాగానే ఆయన మొదట వెతికేది 4వ పట్టికే. అక్కడ 78 చూసి, ఉత్తరంలో "పటిష్ఠం చేశాం" అన్న మాట చూస్తే, మిగిలిన జవాబులన్నింటినీ అనుమానంతో చదువుతాడు. అదే 78ని మేమే ముందు చెబితే మిగిలిన జవాబులకు నమ్మకం దక్కుతుంది. చెప్పని కారణం ఇంకొకటి ఉంది. ఆ 35 నమూనాల సంగతి చెప్పకుండా పేపరు వస్తే నాకు ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లదు.

సార్ ఒక సవరణ చేసి ఒప్పుకున్నారు: "తగ్గింది అని ఆపవద్దు, తగ్గినా ఎందుకు పనికొస్తుందో కూడా రాయి." అది మంచి సలహా. కడకు వెళ్లిన జవాబు ఇది:

"రివ్యూయర్ చెప్పింది నిజం. మొదటి ప్రతిలో ఒకే బోరు నమూనాలు శిక్షణలోకీ పరీక్షలోకీ విడిపోయాయి. బోరును విడదీయకుండా మళ్లీ లెక్కించగా కచ్చితత్వం 91 నుంచి 78 శాతానికి తగ్గింది. పరిమితి దాటిన 112 నమూనాల్లో మోడల్ గుర్తించలేకపోయినవి 13 నుంచి 35కు పెరిగాయి. సారాంశం, 4వ పట్టిక, 6వ బొమ్మ, ముగింపు - ఈ నాలుగు చోట్ల పాత సంఖ్యలను తీసివేశాం. ఈ మోడల్ నీటి పరీక్షకు బదులుగా పనికిరాదని, ముందు ఏ బోర్లను పరీక్షించాలో వరుస నిర్ణయించుకోవడానికి మాత్రమే పనికొస్తుందని ముగింపులో కొత్తగా రాశాం."

పంక్తుల నంబర్లు కూడా ఇచ్చాం. ఇక్కడ చాలామంది కాలుజారే చిన్న సంగతి ఒకటుంది. మార్పులు గుర్తించిన ప్రతిలో పంక్తి నంబర్లు ఒకటి, శుభ్రమైన ప్రతిలో ఇంకొకటి. ఏ ప్రతి నంబర్లు ఇస్తున్నామో ఉత్తరం మొదట్లోనే చెప్పాలి. అవి వేసే పని అన్నిటికన్నా చివర పెట్టుకోవాలి, ఎందుకంటే ఒక వాక్యం చేరిస్తే కింది నంబర్లన్నీ మారిపోతాయి. అప్పుడు ఎడిటర్ 288వ పంక్తికి వెళితే అక్కడ మరేదో ఉంటుంది.

ఒక పేరాలో మూడు ప్రశ్నలు

ఆ ఐదు పంక్తుల కామెంట్‌లో నేను చాలా రోజులు మొదటి వాక్యాన్నే చదివాను. ఉత్తరంలోకి కామెంట్‌ను ఎక్కించేటప్పుడు కుదించకుండా మొత్తం పెట్టాలని నియమం పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. పూర్తిగా టైపు చేస్తుంటే అందులో మూడు ప్రశ్నలు ఉన్నాయని కనిపించింది. వాటిని 2.3అ, 2.3ఆ, 2.3ఇ అని విడగొట్టాను.

రెండో ప్రశ్న చిన్నది, కానీ పదునైనది. ఏ మోడలూ లేకుండా అన్ని బోర్లనూ "మంచివే" అనేస్తే ఎంత కచ్చితత్వం వస్తుంది? 296లో 184 పరిమితి లోపలే ఉన్నాయి కాబట్టి 62 శాతం వస్తుంది. 78 అన్నది సున్నా నుంచి కొలిచే సంఖ్య కాదు, 62 నుంచి కొలవాలి. ఈ ఒక్క వాక్యం చేర్చాక నా పేపరు ఎంత చెబుతుందో నాకే మొదటిసారి సరిగ్గా తెలిసింది.

మూడో ప్రశ్న దగ్గర నేను రివ్యూయర్‌తో ఏకీభవించలేదు. పక్కపక్క బోర్లు కూడా ఒకదానికొకటి పోలి ఉంటాయి, కాబట్టి మండలానికి మండలాన్నే పక్కన పెట్టి పరీక్షించి, ఆ సంఖ్యను మాత్రమే ఇవ్వండి అన్నారు. ఆయన భయానికి బలమైన ఆధారమే ఉంది. 2020లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో మధ్య ఆఫ్రికా అడవుల మీద ఒక పేపరు వచ్చింది. మామూలు పద్ధతిలో పరీక్షిస్తే చెట్ల బరువులోని తేడాలను సగానికి పైగా వివరించిన మోడల్, దూరపు ప్రాంతాలను విడిగా ఉంచి పరీక్షించేసరికి దాదాపు ఏమీ చెప్పలేకపోయింది. అయితే మరుసటి ఏడాదే ఎకలాజికల్ మోడలింగ్ పత్రికలో దీనికి ఎదురు వాదన వచ్చింది. పటం ఎంత కచ్చితమో కొలవడానికి అలాంటి పరీక్ష సరైనది కాదని, అది తప్పును ఉన్నదాని కన్నా ఎక్కువ చేసి చూపగలదని ఆ పేపరు వాదించింది.

ఇద్దరిలో ఎవరు సరి అన్నది మన మోడల్‌ను ఎక్కడ వాడతామన్న దాని మీద ఆధారపడుతుంది. నేను నీళ్లు పట్టిన మండలాల్లోనే, నేను వెళ్లని బోర్ల గురించి చెప్పాలంటే పక్కింటి బోరు సమాచారం చేతిలో ఉంటుంది. దాన్ని పరీక్షలో కావాలని తీసేయడం అన్యాయం. కొత్త మండలానికి మోడల్‌ను తీసుకెళ్లాలంటే మాత్రం రివ్యూయర్ పరీక్షే న్యాయం. మండలాలను పక్కన పెట్టి లెక్కిస్తే 70 శాతం వచ్చింది, 62కు ఎంతో దూరం లేదు.

జవాబు ఇలా మొదలైంది: "కొంత మార్చాం, పూర్తిగా కాదు." అడిగిన లెక్క చేసి 70 అన్న సంఖ్యను పట్టికలో పెట్టాం. 78ని తీసివేయలేదు. రెండు సంఖ్యలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని రాశాం. కొత్త ప్రాంతాలకు మోడల్ పనికొస్తుందని సూచించే వాక్యం మా మొదటి ప్రతిలో ఒకటి ఉంది. దాన్ని కొట్టివేశాం. ఒప్పుకోనప్పుడు కూడా ఆయన అడిగిన లెక్క చేసి చూపడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. చేయకుండా కాదంటే అది వాదన అవుతుంది. చేసి చూపి కాదంటే తేల్చుకోవడానికి కావలసింది ఎడిటర్ చేతిలో ఉంటుంది.

"రాసే ఉంది కదా" అనిపించిన చోట

మొదటి రివ్యూయర్ ఒక చోట, ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచేటప్పుడు టిసాబ్ ద్రావణం ఎందుకు కలపలేదని అడిగారు. కలిపాం. పేపరులోనే ఉంది. అది కలపకపోతే అల్యూమినియం, ఇనుముతో ముడిపడి ఉన్న ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌కు కనిపించదు. పీహెచ్ ఎక్కువగా ఉంటే హైడ్రాక్సైడ్‌నే ఫ్లోరైడ్‌గా పొరబడుతుంది. మా రంగంలో మొదటి ఏడాది స్కాలర్‌కు కూడా తెలిసిన విషయం. అడగడమే అవమానంగా అనిపించింది.

వెతికితే అది 2వ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది. పద్ధతుల భాగంలో ఒక్క మాట లేదు. రివ్యూయర్ పొరబడ్డ మాట నిజమే, కానీ ఆయన పొరబడేలా రాసింది నేనే. "కలిపాం. ఈ సమాచారం పట్టిక కింద మాత్రమే ఉండడంతో కనిపించలేదు. ఇప్పుడు 2.2 విభాగం మొదటి వాక్యంగా రాశాం" అని జవాబిచ్చాను. "143వ పంక్తిలో స్పష్టంగా పేర్కొన్నట్టు" అన్న మొదటి మాటను కొట్టేశాను.

ప్రతిసారీ తప్పు మనదేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదు. పేపరును సగం చదివి కామెంట్లు రాసేవారు ఉన్నారు. తాము రాసిన నాలుగు పేపర్లను చేర్చమనే వారూ ఉన్నారు. మాకూ ఒక రివ్యూయర్ అలా నాలుగింటి పట్టిక ఇచ్చారు. అవి ఎవరివో ఊహించడం కష్టం కాలేదు. సొంత పేపర్లకు ఉటంకింపులు పెంచుకోవడం కోసమే అలా అడగకూడదని ప్రచురణ నీతి మీద పనిచేసే కోప్ సంస్థ మార్గదర్శకాలు రివ్యూయర్లకు చెబుతున్నాయి. నాలుగూ చదివాను. ఒకటి నిజంగా మా పనికి దగ్గరగా ఉంది, చేర్చాం. మిగిలిన మూడు ఎందుకు చేర్చలేదో ఒక్కోదానికి ఒక్కో వాక్యంలో రాశాం. రివ్యూయర్ ఉద్దేశం గురించి ఒక్క అక్షరం రాయలేదు. అలాంటిది చెప్పాలనుకుంటే ఎడిటర్‌కు మాత్రమే వెళ్లే విడి ఉత్తరం ఉంటుంది, అక్కడ చెప్పాలి.

చేయలేని పని

అన్నిటికన్నా నన్ను భయపెట్టిన కామెంట్ ఇది: ఒక్క ఏడాది వానతో రుతువుల మార్పు గురించి చెప్పలేరు, ఇంకో ఏడాది నమూనాలు తీసుకోండి.

నాకు ఉన్న గడువు ఏడు నెలలు. మా ల్యాబు కుర్రాళ్లు ఇలాంటి చోట సాధారణంగా "సమయం, నిధుల పరిమితి వల్ల ఇది ఈ అధ్యయన పరిధిలోకి రాదు" అని రాస్తారు. అది నిజమే అయినా జవాబు కాదు. ఫెలోషిప్ అయిపోవడం మన కష్టం. ఒక్క ఏడాది సమాచారం ఆ వాక్యాన్ని మోయగలదా లేదా అన్నది రివ్యూయర్ ప్రశ్న. మోయలేదు.

కాబట్టి కొత్త నమూనాలు చేర్చలేదు, వాక్యాన్నే తీసేశాం. "ఫ్లోరైడ్‌పై రుతువుల ప్రభావం స్వల్పం" అన్న ముగింపును సారాంశం నుంచీ చర్చ నుంచీ తొలగించాం. "ఆ ఏడాది, ఈ 148 బోర్లలో మే, నవంబరు విలువలు దగ్గరగా ఉన్నాయి" అని మాత్రమే ఉంచాం. జవాబు మొదటి వాక్యం: "కొత్త నమూనాలు తీసుకోలేదు, వాటి అవసరం ఉన్న ముగింపును ఉపసంహరించుకున్నాం." పని పెంచలేనప్పుడు మాట తగ్గించడం కూడా సవరణే. ఎడిటర్లు దీన్ని ఒప్పుకుంటారని అప్పటి దాకా నాకు తెలియదు.

రెండో విడత

సార్ భయపడినట్టే జరిగింది. మొదటి విడతలో మెచ్చుకున్న మొదటి రివ్యూయర్ రెండో విడతలో తిరస్కరించమన్నారు. ఫలితాలు ఇప్పుడు ప్రచురణకు తగినంత బలంగా లేవని రెండు పంక్తులు రాశారు. రెండో రివ్యూయర్ చిన్న సవరణలు అడిగి ఒప్పుకున్నారు. ఎడిటర్ మూడో మనిషికి పంపారు. ఇంకో నాలుగు నెలలు పట్టింది. శీర్షికలో "అంచనా" అన్న మాట తీసేసి "ప్రాధాన్య క్రమం" అని మార్చమన్నారు. మార్చాం. పేపరు వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం వల్ల నా ఫెలోషిప్ అయిపోయాక రెండు నెలలు జీతం లేకుండా గడిచాయి.

పట్టికలోనే వదిలేసి ఉంటే త్వరగా వచ్చేదేమో. అవును, రావచ్చు. ఈ వాదనలో నాకు ఇప్పటికీ నొప్పి పెట్టే భాగం అదే. చెబితే మంచే జరుగుతుందని నా తర్వాత వచ్చేవారికి మాట ఇవ్వలేను. ఆ నాలుగు నెలలు నేను భరించగలిగాను. ఇంటికి డబ్బు పంపవలసిన స్కాలర్ అయితే? అలాంటివారికి నేను ఈ మాట ఎంత గట్టిగా చెప్పగలను? తెలిసి కూడా చెబుతున్నాను, ఎందుకంటే ఆ 35 నమూనాల వెనక ఉన్న ఇళ్లవారికి ఈ ఆలస్యంలో ఎలాంటి వాటా లేదు.

మా ల్యాబు అమ్మాయి ఉత్తరానికి తిరిగి వస్తాను. ఆమె రెండు వారాలు మళ్లీ లెక్క చేసిన కామెంట్ గురించి ఫోనులో అడిగాను.

"లెక్క మళ్లీ చేశావు కదా, ఏమైంది?"

కాసేపు మాట లేదు. "తగ్గింది అక్కా. 0.84 ఉండేది, 0.61 అయింది."

"ఉత్తరంలో ఎక్కడా లేదే?"

"పట్టికలో పెట్టాను. సార్ చూస్తే ఏమంటారో అని..."

గడువు ఎప్పుడని అడిగాను. తొమ్మిది రోజులు ఉందట. గడువు దాటకముందే ఎడిటర్‌కు రాసి ఇంకో మూడు వారాలు అడగమన్నాను. ముందుగా అడిగితే చాలామంది ఇస్తారు. ఆ రాత్రే రాసింది, మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది, ఇచ్చారు. నిన్న సాయంత్రం ఉత్తరం కొత్త ప్రతి పంపింది. 19 ధన్యవాదాల్లో ఇంకా ఆరు అలాగే ఉన్నాయి, వాటి పక్కన గుర్తులు పెట్టి తిప్పి పంపాను. ఆ కామెంట్ కింద జవాబు మాత్రం ఇప్పుడు ఇలా మొదలవుతోంది: "రివ్యూయర్ సూచించినట్టు మళ్లీ లెక్కించగా మా ఫలితం 0.84 నుంచి 0.61కి తగ్గింది." సార్‌కు రేపు ఉదయం చూపిస్తుంది. నేనూ పక్కనే ఉంటానని చెప్పాను.